కంటెంట్ రైటర్ ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో బ్లాగు: బ్లాగరా, వర్డ్‌ప్రెస్సా, మీడియమా?

కంటెంట్ రైటర్ ఉద్యోగాలకు ఫ్రెషర్స్‌ను పిలిచే ప్రకటనల్లో చాలావాటి చివర "మీ రచనల లింకులు పంపండి" అని ఉంటుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఎక్కడా పని చేయలేదు కాబట్టి చూపించడానికి రచనలు ఉండవు. బ్లాగు మొదలుపెడదామంటే ఎక్కడ పెట్టాలో తెలీదు. ఒకరు బ్లాగర్ అంటారు, ఇంకొకరు సొంత వెబ్ చిరునామా, అంటే డొమైన్ కొనమంటారు, మరొకరు మీడియం చాలంటారు. ఈ సలహాలన్నీ ఒక్కో పరిస్థితికి సరైనవే. మీ పరిస్థితికి ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ముందు ఆ లింకును అవతలివాళ్లు ఎలా తెరుస్తారో ఆలోచించాలి.

దరఖాస్తులు చూసే హెచ్‌ఆర్ ఉద్యోగి గానీ ఎడిటర్ గానీ మీ లింకును మెయిల్ నుంచి నేరుగా, చాలాసార్లు ఫోన్లోనే తెరుస్తారు. లాగిన్ అడిగితే మూసేస్తారు. ఒక వ్యాసం మొదటి రెండు పేరాలు చదివి, ఇంకోటి తెరిచి, నిర్ణయానికి వచ్చేస్తారు. కాబట్టి వేదికను నాలుగు ప్రశ్నలతో తూచండి. లాగిన్ లేకుండా తెరుచుకుంటుందా? లింకు చూడగానే అందులో ఏముందో అర్థమవుతుందా? రెండేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుందా? ప్రకటనలో అడిగిన పనిముట్టు మీకు వచ్చని చూపిస్తుందా? ఎంత మంది చదివారు, ఎంత ఆదాయం వచ్చింది అన్నవి ఈ పనికి లెక్కలోకి రావు.

మాట గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో బీకాం చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి. హైదరాబాద్‌లో తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో కంటెంట్ రాసే ఉద్యోగం కావాలి. చేతిలో ఫోను, అప్పుడప్పుడు దొరికే లాప్‌టాప్ ఉన్నాయి, ఖర్చు పెట్టే స్థోమత లేదు. మొదటి వ్యాసం "పోచంపల్లి ఇక్కత్, ప్రింట్ చీర: తేడా ఎలా గుర్తించాలి?" అనుకుందాం. ఈ ఒక్క వ్యాసాన్ని ఒక్కో చోట పెట్టి చూస్తే తేడాలు వాటంతటవే బయటపడతాయి.

బ్లాగర్

గూగుల్ 2003లో కొన్న సేవ ఇది, పూర్తిగా ఉచితం. జీమెయిల్ ఉంటే చాలు, పది నిమిషాల్లో బ్లాగు సిద్ధమవుతుంది. మీరు పెట్టుకుంటే తప్ప ప్రకటనలు కనిపించవు, చదివేవాళ్లను లాగిన్ అడగదు. తర్వాత ఎప్పుడైనా సొంత డొమైన్ కొంటే దాన్ని కలపడానికి బ్లాగర్ ఏమీ తీసుకోదు, డొమైన్ ధర ఒక్కటే మీ ఖర్చు. డబ్బు కట్టడం మానేసినా బ్లాగు పాత blogspot చిరునామాలో అలాగే ఉంటుంది. విద్యార్థికి ఇది పెద్ద భద్రత.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. బ్లాగర్ పోస్టు లింకును శీర్షికలోని ఇంగ్లీషు అక్షరాల నుంచి తయారు చేస్తుంది. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే దానికి తీసుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు లింకు ఇలా వస్తుంది:

```
https://yourname.blogspot.com/2025/01/blog-post.html
https://yourname.blogspot.com/2025/01/blog-post_17.html
```

రెజ్యూమెలో ఇలాంటివి మూడు వరుసగా ఉంటే ఏది చీరల వ్యాసమో, ఏది వార్తో తెలియదు. పైగా గూగుల్ వెతుకులాటలో పేజీ ముందు కనిపించేలా చేసే ఎస్‌ఈఓ గురించి ఏమీ తెలియని మనిషి అనుకుంటారు. దీన్ని తప్పించడం తేలికే. పబ్లిష్ నొక్కే ముందు కుడివైపు సెట్టింగుల్లో Permalink తెరిచి, Custom Permalink ఎంచుకుని, `pochampally-ikat-print-teda` అని టైప్ చేయాలి. ఇది పబ్లిష్ చేయకముందే జరగాలి. ఒకసారి బయటికి వెళ్లిన పోస్టు లింకు మార్చాలంటే దాన్ని తిరిగి డ్రాఫ్టులోకి తేవాలి, అప్పటికే ఎవరికైనా పంపిన పాత లింకు పనిచేయదు.

Pages అనే విభాగంలో పెట్టే విడి పేజీలకు ఈ సౌకర్యం లేదు. "నా రచనలు" అని తెలుగు పేరుతో పేజీ పెడితే చిరునామా `/p/blog-page.html` అవుతుంది. అందుకని ముందు Portfolio అని ఇంగ్లీషులో పేరు పెట్టి పబ్లిష్ చేయండి, తర్వాత ఆ శీర్షికను తెలుగులోకి మార్చండి. చిరునామా మాత్రం `/p/portfolio.html` గానే నిలిచిపోతుంది. ఈ పేజీ ఎందుకంటే, బ్లాగు మొదటి పేజీలో ఎప్పుడూ కొత్త పోస్టు పైన ఉంటుంది. మీ మంచి వ్యాసం కిందికి జారిపోతుంది. రెజ్యూమెలో బ్లాగు చిరునామాకు బదులు ఈ పేజీ చిరునామా ఇస్తే, ఎంపిక చేసిన అయిదారు రచనలు మీరు అనుకున్న వరుసలో కనిపిస్తాయి.

సెట్టింగుల్లో Meta tags కింద Enable search description ఆన్ చేస్తే ప్రతి పోస్టుకూ 150 అక్షరాల లోపు వివరణ రాసే పెట్టె వస్తుంది. ఇది గూగుల్ ఫలితాల్లో శీర్షిక కింద కనిపించే రెండు వరుసల కోసం. మీరు రాసిందే గూగుల్ చూపిస్తుందన్న హామీ లేదు. అయినా ఇంటర్వ్యూలో "మెటా డిస్క్రిప్షన్ రాశారా" అని అడిగితే చూపించడానికి మీ పోస్టే ఉంటుంది. బ్లాగర్ లోపం కూడా చెప్పాలి: లింకులో సంవత్సరం, నెల తప్పకుండా ఉంటాయి. వాటిని తీసేసే వీలు లేదు. ఏడాది కిందట నాలుగు పోస్టులు రాసి ఆపేస్తే ఆ విషయం లింకే చెప్పేస్తుంది.

వర్డ్‌ప్రెస్ రెండు రకాలు

ఈ పేరుతో రెండు వేర్వేరు వస్తువులున్నాయి, చాలామంది తడబడేది ఇక్కడే. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది బ్లాగర్ లాంటి సేవ: ఖాతా తెరిస్తే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికేది సాఫ్ట్‌వేర్. దాన్ని మీరు డబ్బు కట్టి తీసుకున్న హోస్టింగ్‌లో, అంటే సైటు ఉంచడానికి అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెట్టుకోవాలి. ప్రకటనలో "వర్డ్‌ప్రెస్ తెలిసి ఉండాలి" అని రాసే కంపెనీల వెబ్‌సైట్లు సాధారణంగా ఈ రెండో రకం మీద నడుస్తాయి. పోస్టు రాసే ఎడిటర్ మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. హెడింగ్ పెట్టడం, బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయడం, కేటగిరీ, ట్యాగు ఇవ్వడం ఉచిత ఖాతాలోనే నేర్చుకోవచ్చు.

ఉచిత ఖాతాలో పరిమితులు ఉన్నాయి. సొంత డొమైన్ కలపాలంటే డబ్బు కట్టే ప్లాన్ కావాలి. మీ వ్యాసం మధ్యలో వాళ్ల ప్రకటనలు వస్తాయి, వాటిని మీరు ఆపలేరు. చీరల వ్యాసం మధ్యలో సంబంధం లేని ప్రకటన వస్తే చదివే ధార తెగుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: కొత్త సైటు మొదట Coming Soon స్థితిలో ఉంటుంది. మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి మీకు అన్నీ కనిపిస్తాయి. Launch నొక్కకుండా లింకు పంపితే అవతలివాళ్లకు "త్వరలో వస్తుంది" అన్న ఖాళీ పేజీ కనబడుతుంది. వాళ్లు ఫోన్ చేసి చెప్పరు, తర్వాతి దరఖాస్తుకు వెళ్లిపోతారు.

తెలుగు శీర్షికతో వర్డ్‌ప్రెస్ చేసేది బ్లాగర్‌కు పూర్తిగా వ్యతిరేకం. ఇది తెలుగును లింకులో అలాగే ఉంచుతుంది. బ్రౌజర్ పైన చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది గానీ కాపీ చేసి మెయిల్లో పేస్ట్ చేస్తే "పో" అన్న ఒక్క అక్షరం ఇలా అవుతుంది:

```
%E0%B0%AA%E0%B1%8B
```

యూనికోడ్‌లో "ప" ఒక గుర్తు, ఓత్వం ఇంకో గుర్తు. ఒక్కో గుర్తుకు లింకులో తొమ్మిది అక్షరాలు ఖర్చవుతాయి. వర్డ్‌ప్రెస్ లింకు ముక్కకు 200 అక్షరాలే ఇస్తుంది కాబట్టి 22 గుర్తుల దగ్గర శీర్షిక తెగిపోతుంది. మన ఉదాహరణలోని శీర్షిక "ప్రింట్" అన్న మాట దగ్గరే తెగిపోతుంది. రెజ్యూమెలో పెట్టినప్పుడు ఆ పొడవాటి లింకు రెండు వరుసల్లోకి విరిగి, నొక్కితే తెరుచుకోని ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ కూడా పోస్టు సెట్టింగుల్లో Slug దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా రాసేయడమే మందు.

సొంత హోస్టింగ్ సంగతికొస్తే, నియంత్రణ మొత్తం మీ చేతిలో ఉంటుంది. యోస్ట్, ర్యాంక్ మ్యాత్ లాంటి ఎస్‌ఈఓ ప్లగిన్లు వాడొచ్చు, నచ్చిన థీమ్ పెట్టుకోవచ్చు. అయితే హోస్టింగ్ కంపెనీలు మొదటి ఏడాదికి చూపించే ధర తగ్గింపు ధర. రెండో ఏడాది రెన్యువల్ దానికి చాలా ఎక్కువగా ఉంటుంది. ఉద్యోగం ఇంకా రాకపోతే సరిగ్గా అప్పుడే కట్టడం కష్టమవుతుంది, కట్టకపోతే సైటుతో పాటు మీరు పంపిన లింకులన్నీ చచ్చిపోతాయి. కొనేముందు రెన్యువల్ ధర చూసి, కనీసం రెండేళ్లకు లెక్క వేసుకోండి. అది భారమనిపిస్తే వద్దు. కేవలం నేర్చుకోవడానికైతే డబ్బు అక్కర్లేదు: `playground.wordpress.net` తెరిస్తే బ్రౌజర్లోనే పూర్తి వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. డాష్‌బోర్డు ఎలా ఉంటుందో, ప్లగిన్ ఎలా పెట్టాలో అక్కడ చేతులారా చేసి చూడొచ్చు. అది సాధనకు మాత్రమే, అక్కడి పేజీని లింకుగా పంపలేరు.

మీడియం, లింక్డిన్, గూగుల్ డాక్స్

మీడియంలో పేజీ అందంగా ఉంటుంది, రాయడం హాయిగా ఉంటుంది, ఇంగ్లీషు వ్యాసాలకు బాగా నప్పుతుంది. కానీ వ్యాసాన్ని సభ్యులకు మాత్రమే అని పెడితే మిగతావాళ్లకు మొదటి కొన్ని వరుసలే కనిపిస్తాయి. పోర్ట్‌ఫోలియో కోసం రాసేది ఎప్పుడూ అందరికీ తెరిచి ఉంచాలి. దీన్ని మొదటి ఇల్లుగా కాకుండా రెండో కాపీకి వాడుకోవడం మంచిది. బ్లాగులో ముందు పెట్టి, తర్వాత మీడియంలోని Import a story ద్వారా తీసుకొస్తే అసలు వ్యాసం ఏదో గూగుల్‌కు చెప్పే గుర్తు దానంతటదే పడుతుంది.

లింక్డిన్‌లో వ్యాసాలు రాయడం కంటే ప్రొఫైల్లోని Featured విభాగంలో మీ బ్లాగు వ్యాసాల లింకులు పెట్టడం ఎక్కువ పనికొస్తుంది.

గూగుల్ డాక్స్ లింకు పంపడం తప్పేమీ కాదు, అత్యవసరంగా పంపాల్సి వస్తే చాలు కూడా. అయితే కొత్త డాక్యుమెంట్ మొదట Restricted గానే ఉంటుంది. Share లోకి వెళ్లి Anyone with the link, Viewer అని మార్చకపోతే అవతలివాళ్లకు అనుమతి అడగమనే పేజీ వస్తుంది. డాక్స్ అయినా బ్లాగర్ అయినా కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో మాత్రం మొదలుపెట్టొద్దు. చాలా కాలేజీలు బయటివాళ్లతో షేర్ చేయడాన్ని ఆపేస్తాయి, చదువు అయ్యాక ఖాతానే తీసేస్తాయి. ఖాతా పోతే బ్లాగూ పోతుంది.

ఇంతకీ ఏది?

తెలుగు కంటెంట్, వార్తా వెబ్‌సైట్ల డిజిటల్ డెస్క్, లేదా తెలుగు-ఇంగ్లీషు రెండూ కావాల్సిన ఉద్యోగాలైతే బ్లాగర్. ఉచితం, ప్రకటనలు లేవు, లింకు చిక్కును Permalink తో సరిచేసుకోవచ్చు. మన వరంగల్ అమ్మాయికి ఇదే సరైనది. మీరు చూస్తున్న ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువ భాగం వర్డ్‌ప్రెస్ అడుగుతుంటే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ఖాతా తెరవండి, ప్రకటనల ఇబ్బందిని భరించండి. ఇంగ్లీషులో మాత్రమే, అదీ పొడవైన వ్యాసాలు రాసేవాళ్లకు మీడియం ఒక్కటైనా సరిపోతుంది. ఎస్‌ఈఓ ఉద్యోగాల మీదే గురి ఉండి, రెండేళ్ల రెన్యువల్ డబ్బు పక్కన పెట్టగలిగితేనే సొంత హోస్టింగ్. రెండు చోట్ల సగం సగం మొదలుపెట్టడం మాత్రం అన్నిటికంటే నష్టం, ఎందుకంటే ఏ లింకు ఇచ్చినా రెండు పోస్టులే కనిపిస్తాయి.

లోపల ఏం ఉండాలి

వేదిక ఎంపిక ఒక సాయంత్రం పని. అసలు తీర్పు రచనల మీద వస్తుంది. ఇరవై పోస్టులు అక్కర్లేదు, అయిదు చాలు, కానీ ఆ అయిదూ అయిదు రకాల పని చూపించాలి. కవితలు, డైరీ, పండగ శుభాకాంక్షలు ఎంత బాగున్నా ఈ పేజీలో వద్దు, వాటికి వేరే చోటు పెట్టుకోండి. మన అమ్మాయి జాబితా ఇలా ఉండొచ్చు: పోచంపల్లి ఇక్కత్ గురించి కొనేవాళ్లకు పనికొచ్చే 700 మాటల తెలుగు వ్యాసం. అదే చీరకు షాపింగ్ సైటులో పెట్టేలా వంద మాటల ఇంగ్లీషు వివరణ. ప్రెస్ నోటు నుంచి రాసిన 200 మాటల వార్త. బీకాం చదువు పనికొచ్చేలా, మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లకు జీతం స్లిప్పులోని పీఎఫ్ కోత వివరించే వ్యాసం. నిమిషం వీడియోకు స్క్రిప్టు.

వార్తకు ముడిసరుకుగా కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే పీఐబీ వెబ్‌సైటులోని ఇంగ్లీషు ప్రెస్ నోట్లు బాగుంటాయి. అయితే వాటిలో చాలావాటికి తెలుగు అనువాదం కూడా అక్కడే ఉంటుంది, ఎడిటర్లకు ఆ సంగతి తెలుసు. దాన్ని చూడకుండా రాసి, రాశాక పక్కన పెట్టి పోల్చుకోండి. ప్రెస్ నోటులో నాలుగో పేరాలో ఉన్న అసలు విషయం మీ వార్తలో మొదటి వాక్యంలోకి వచ్చిందా అన్నదే పరీక్ష.

ప్రారంభం దగ్గర ఎక్కువ శ్రమ పెట్టండి, ఎందుకంటే చదివేది అదే. కొత్తవాళ్ల వ్యాసాలు తరచుగా ఇలా మొదలవుతాయి:

"భారతీయ సంస్కృతిలో చీరకు విశిష్ట స్థానం ఉంది. ఎన్నో రకాల చీరల్లో పోచంపల్లి చీర ఒకటి. ఈ వ్యాసంలో మనం పోచంపల్లి చీరల గురించి తెలుసుకుందాం."

మూడు వాక్యాలు అయ్యాయి, చదివేవాళ్లకు కొత్తగా ఏమీ అందలేదు. పోచంపల్లి బదులు గద్వాల అని పెట్టినా పేరా మారదు. ఇప్పుడు ఇది చూడండి:

"చీర కొంగు తిరగేసి చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో దారాలకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింట్ చీరకు వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. పల్చటి బట్టయితే ప్రింటు కూడా వెనక్కి దిగుతుంది, అందుకని డిజైన్ అంచులూ చూడాలి. ఇక్కత్‌లో అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, గీత గీసినట్టు ఉంటే అనుమానించాలి."

దుకాణంలో నిలబడి ఉన్న మనిషికి ఇది వెంటనే పనికొస్తుంది. రెండో ప్రారంభం రాయాలంటే వ్యాసకర్త కనీసం ఒక నేతగాడితోనో దుకాణదారుతోనో మాట్లాడాలి, రెండు చీరలు పక్కపక్కన పెట్టి ఫోటో తీయాలి. ఆ ఫోటో మీదే అవుతుంది, గూగుల్ ఇమేజెస్ నుంచి తెచ్చిపెట్టే అవసరం తప్పుతుంది. అలా తెచ్చిన బొమ్మలకు హక్కుదారులు వేరే ఉంటారు. కాపీరైటు తెలియని రైటర్‌ను పెట్టుకుంటే రేపు నోటీసు కంపెనీకి వస్తుందని ఎడిటర్లకు తెలుసు.

ప్రతి రచన కింద రెండు వరుసల గమనిక పెట్టండి: ఇది ఎవరి కోసం రాసిన నమూనా, సమాచారం ఎక్కడిది. "షాపింగ్ సైటు కోసం సాధనగా రాసిన నమూనా" అని నిజం చెప్తే గౌరవం తగ్గదు. లేని క్లయింటు పేరు రాస్తే మొదటి ఫోన్ కాల్‌లో బయటపడుతుంది. వేరేచోటి వాక్యాలు తెచ్చి కలిపినా అంతే: ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్లో వెతికితే అసలుది దొరుకుతుంది. ఎడిటర్లు ఈ పని చేస్తారు.

కాలేజీ మ్యాగజైన్‌లో అచ్చయిన రచన ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. కాకపోతే అది అను ఫాంట్లలో కంపోజ్ చేసింది అయితే, ఫైలు నుంచి కాపీ చేసి బ్లాగులో పెట్టగానే అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. కన్వర్టర్‌తో మార్చినా వత్తులు, పొల్లులు అక్కడక్కడా తప్పుతాయి కాబట్టి అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూడాలి. వర్డ్ నుంచి పేస్ట్ చేసేటప్పుడు `Ctrl+Shift+V` వాడితే అక్కడి సైజులు, రంగులు రాకుండా ఉత్త మాటలే వస్తాయి. లేదంటే ఒక పేరా పెద్దగా, ఇంకోటి చిన్నగా కనిపిస్తుంది.

పంపే ముందు

బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ప్రతి లింకూ నొక్కి చూడండి. Coming Soon పేజీ, అనుమతి అడిగే డాక్స్, డ్రాఫ్టుగా మిగిలిపోయిన పోస్టు, మూడూ అక్కడే దొరుకుతాయి. తర్వాత రెజ్యూమె పీడీఎఫ్‌ను వేరేవాళ్ల ఫోన్లో తెరిచి అందులోంచే నొక్కి చూడండి. పోర్ట్‌ఫోలియో పేజీతో పాటు ఆ ఉద్యోగానికి దగ్గరగా ఉన్న రెండు వ్యాసాల లింకులు మెయిల్లోనే విడిగా ఇవ్వండి. షాపింగ్ కంపెనీకి చీర వివరణ ముందు, వార్తా సంస్థకు ప్రెస్ నోటు వార్త ముందు.

గూగుల్లో `site:yourname.blogspot.com` అని వెతికితే మీ పోస్టుల్లో ఏవి గూగుల్‌కు చేరాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఏమీ రాకపోతే బ్లాగర్ సెట్టింగుల్లో Visible to search engines ఆన్‌లో ఉందో లేదో చూసి, గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో బ్లాగును చేర్చి, URL Inspection పెట్టెలో పోస్టు చిరునామా ఇచ్చి Request Indexing నొక్కండి. రోజులు పట్టొచ్చు, కొన్ని పోస్టులు ఎప్పటికీ చేరకపోవచ్చు కూడా. దరఖాస్తుకు అది అడ్డం కాదు, లింకు నేరుగానే తెరుచుకుంటుంది. కానీ రెండు మూడు నెలలకు సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలు వెతికినప్పుడు మీ వ్యాసం కనిపించిందో జాబితా వస్తుంది. సంఖ్యలు చిన్నవైనా ఆ జాబితా చూసి శీర్షికను ఎందుకు మార్చారో, మార్చాక ఏమైందో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, ఎస్‌ఈఓ గురించి అడిగే ప్రశ్నకు మీ సొంత పని నుంచే జవాబు ఉంటుంది.

ఆర్నెల్లకోసారి బ్లాగర్ సెట్టింగుల్లో Back up content నొక్కి ఫైలు దించుకోండి. అందులో మీ పోస్టులన్నీ ఉంటాయి, తర్వాత ఎప్పుడైనా వేరే చోటికి మారాలనుకున్నా మీ రచనల కాపీ మీ దగ్గరే ఉంటుంది.